డ్రైను: ఇటాలియన్ సమానార్థకం ఎంపిక

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాల నుంచి వాన నీటిని, మిగులు నీటిని సముద్రం వైపు మోసే మురుగు కాలువలను అక్కడ డ్రైన్లనే అంటారు. బాపట్ల దగ్గరి రొంపేరు అలాంటిదే. దాని గురించిన ఇంగ్లీషు వాక్యాన్ని ఇటాలియన్‌లోకి మార్చాలంటే ద్విభాషా నిఘంటువు ఒకే మాటకు చాలా సమానార్థకాలు చూపిస్తుంది: సింకు నీరు పోయేది స్కారికో, వీధి మూత టొంబీనో, మలినజలం పారేది ఫోన్యా, పొలం నీరు తీసేది స్కోలో.

ఇక్కడ నిఘంటువులో ముందుగా కనబడిన మాట తీసుకోవడం ప్రమాదం. ఫోన్యా రాస్తే పొలాల కాలువ ఊరి మురుగుగొట్టం అయిపోతుంది. అర్థానికి ముందు కుండలీకరణాల్లో ఇచ్చే రంగసూచికను చదివి, వ్యవసాయానికి చెందనివాటిని తీసేయాలి. తర్వాత మిగిలిన మాటలను ఇటాలియన్ కార్పస్‌లో వెతికి, పక్కన ఏ మాటలు వస్తున్నాయో చూడాలి. పొలాలు, వర్షం, పంపులు కనిపిస్తే దారి సరైనదే. పో నది మైదానం కూడా లోతట్టు వ్యవసాయ భూమి కనుక, అక్కడి నీటి నిర్వహణ సంస్థల రాతలు మంచి ఆధారం. స్కొలీనా అనే మాట కూడా అక్కడ దొరుకుతుంది, కానీ అది మడి పక్కన తవ్వే చిన్న బోదె. రొంపేరు స్థాయికి ‘కనాలె ది స్కోలో’ సరిపోతుంది.

యూరోపార్ల్ వంటి సమాంతర కార్పస్ ఇక్కడ అంతగా ఆదుకోదు. అందులోవి పార్లమెంటు ప్రసంగాలు, కాబట్టి మేధోవలసను సూచించే ‘బ్రెయిన్ డ్రైన్’ వంటి అలంకారిక ప్రయోగాలే ముందు ఎదురుకావచ్చు. చివరగా ఎంచుకున్న పదబంధాన్ని ఇటాలియన్-ఇంగ్లీషు వైపు తిప్పి చూడాలి. పొలం కాలువే తిరిగి వస్తే ఎంపిక నిలిచినట్టు.