ఒక రొట్టె, రెండు మాటలు

1562, ఈస్టర్ ఆదివారం. ఇంగ్లండులో ఒక పల్లె చర్చిలో మీరు నిలబడి ఉన్నారు. రాకుండా ఊరుకోవడానికి లేదు. ఆదివారం ఆరాధన మానేస్తే పన్నెండు పెన్నీల జరిమానా. కూలివాడికి అది ఒక రోజు సంపాదన కంటే ఎక్కువే.

తలెత్తి చూడండి. ముందు మందిరంలోకి వెళ్లే దారి పైన ఒకప్పుడు పెద్ద కొయ్య సిలువ ఉండేది. ఇప్పుడది లేదు. అది నిలిచిన అటకను తీసేయమని నిరుడే రాణి ఎలిజబెత్ ఉత్తర్వు వచ్చింది. దాని కింది చెక్క తడికను మాత్రం ముట్టుకోవద్దన్నారు. గోడల మీది పునీతుల బొమ్మలు సున్నం చాటుకు పోయాయి. తూర్పు గోడకు ఇంగ్లీషులో పది ఆజ్ఞల పలక వేలాడుతోంది.

గురువు మాత్రం పాతవాడే. నాలుగేళ్ల కిందట, మేరీ రాణి కాలంలో, ఇదే మనిషి ఇక్కడే లాటిన్‌లో పూజ చేసి అప్పాన్ని తల మీదికి ఎత్తి చూపాడు. ఈ రోజు తెల్లని పొడుగాటి అంగీ తొడుక్కుని, మీ భాషలో, మీకు వినబడేలా ప్రార్థిస్తున్నాడు. మీకు ఎడమ పక్కన ఒక ముసలావిడ ఉంది. ఆమె జపమాల చేతి మడతలో దాగి ఉంది. కుడి పక్కన బైబిలు సొంతంగా చదువుకునే నేతగాడు. మేరీ ప్రొటెస్టెంట్లను సజీవదహనం చేయించిన సంగతి అతను మరవలేదు.

పీఠం ఉండిన చోట ఇప్పుడు ఒక కొయ్య బల్ల ఉంది. ఈ ఆరాధన కోసం దాన్ని కాస్త ముందుకు జరిపారు. మీరు మోకరిస్తారు. గురువు మీ అరచేతిలో గుండ్రటి పలుచని రొట్టె పెడతాడు. పాత అప్పం కంటే కొంచెం మందం, పైన బొమ్మ లేదు. రాణి ఆజ్ఞ అలా ఉంది. ప్రార్థన గ్రంథమేమో మామూలు గోధుమ రొట్టె చాలంటుంది. రెండూ 1559లో వచ్చినవే, రెండూ అమలులో ఉన్నవే. అందుకే పక్క ఊళ్లో ఇంట్లో తినే రొట్టెనే తుంచి ఇస్తుండవచ్చు.

ఇక చెవి పెట్టి వినండి. మీ కోసం అర్పించబడిన క్రీస్తు శరీరం మీ దేహాన్నీ ఆత్మనూ నిత్యజీవానికి కాపాడాలని గురువు ముందుగా అంటాడు. ముసలావిడ కళ్లు మూసుకుంటుంది. ఆమె ప్రభువు ఆ రొట్టెలో ఉన్నాడు. గురువు ఊపిరి తీసుకోకుండానే రెండో మాట అందుకుంటాడు: క్రీస్తు మీ కోసం చనిపోయాడని జ్ఞాపకం చేసుకుంటూ తినండి, విశ్వాసంతో హృదయంలో ఆయనను ఆరగించండి. నేతగాడు తల ఆడిస్తాడు. అతనికి అది జ్ఞాపకార్థపు భోజనం.

మొదటి మాట 1549 ప్రార్థన గ్రంథంలోది. 1552లో సంస్కర్తలు దాన్ని తీసేసి రెండోది పెట్టారు. 1559లో రెంటినీ ఒకే వరుసలో చేర్చారు. మోకరించడం రొట్టెను ఆరాధించడం కాదని 1552లో చేర్చిన వివరణను వదిలేశారు. రోము బిషప్పు నుంచి విడిపించమని దేవుణ్ని వేడుకునే మాటనూ కొట్టేశారు. క్రీస్తు రొట్టెలో ఉన్నాడా లేడా అన్న ప్రశ్నకు ఆ గ్రంథం సూటిగా జవాబివ్వదు. ఆ మౌనమే గ్రంథపు అసలు పనితనమని నా నమ్మకం. దాని వల్లే ఆ ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు మోకరించగలిగారు.

అయితే ఇది ఇరువర్గాల పెద్దలు కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందం అనుకోకండి. 1559 వసంతంలో ఈ ప్రార్థన గ్రంథపు చట్టం ప్రభువుల సభలో అనుకూలంగా 21, వ్యతిరేకంగా 18 ఓట్లతో గట్టెక్కింది. ఓటు వేసిన బిషప్పుల్లో ఒక్కరూ దాన్ని సమర్థించలేదు. వించెస్టర్, లింకన్ బిషప్పులు అప్పటికే లండన్ టవర్‌లో బందీలు. రాణిని సంఘానికి ‘శిరస్సు’ అనకుండా ‘పరిపాలకురాలు’ అని బిరుదు మార్చినా, ఆమె ఆధిపత్యాన్ని ఒప్పుకునే ప్రమాణం చేయడానికి బిషప్పులు దాదాపు అందరూ నిరాకరించి పదవులు పోగొట్టుకున్నారు. రాజీ జరిగింది వారితో కాదు, ఈ చర్చిలో మోకరించిన మామూలు జనంతో. ఊరి గురువుల్లో చాలామంది పదవుల్లోనే కొనసాగారు.

మీ పక్కనున్న ఇద్దరికీ ముందు కష్టకాలమే. ఆ తెల్ల అంగీ పోపు కాలపు వేషమని నేతగాడి లాంటివాళ్లకు మంట. 1566లో లండన్‌లో నిర్ణీత దుస్తులు వేసుకోబోమన్న 37 మంది బోధకులను సస్పెండ్ చేశారు. 1570లో పోపు ఐదవ పయస్ ఎలిజబెత్‌ను వెలివేసి, ఆమెకు విధేయత చూపనక్కర్లేదని ప్రజలకు ప్రకటించాడు. అప్పటి నుంచి జపమాల దాచుకున్న ముసలావిడ మీద రాజద్రోహపు అనుమానం వాలింది. 1581లో చర్చికి రానివారికి జరిమానా నెలకు ఇరవై పౌండ్లకు పెరిగింది. కొందరి ఆస్తులు దానితోనే హరించుకుపోయాయి.

రొట్టె ఇస్తూ చెప్పే ఆ రెండు మాటలు మాత్రం నిలిచిపోయాయి. 1662 ప్రార్థన గ్రంథంలోనూ అవి అదే వరుసలో ఉన్నాయి. ఆ గ్రంథం వాడే ఇంగ్లండు చర్చిల్లో నేటికీ రెంటినీ చెబుతున్నారు.