జెట్ లాగ్

విమానంలో మూడు నాలుగు కాలమండలాలు దాటి వెళ్లినవారి జీవగడియారానికీ, చేరిన ఊరి గడియారానికీ కొన్నాళ్లు పొంతన కుదరని స్థితి జెట్ లాగ్. ఈ మాట 1966లో అమెరికా పత్రికల్లో తొలిసారి అచ్చయిందని సాధారణంగా చెబుతారు.

మనిషి జీవగడియారం సగటున 24 గంటల కంటే కొద్ది నిమిషాలు నెమ్మదిగా నడుస్తుంది. అందుకే పడమటి ప్రయాణంలోలా నిద్రను వెనక్కి జరపడం తేలిక, తూర్పు ప్రయాణంలోలా ముందుకు లాగడం కష్టం. సర్దుబాటు పడమటికైతే రోజుకు సుమారు గంటన్నర, తూర్పుకైతే గంట అన్నది స్థూలమైన లెక్క.

సర్దుబాటుకు ప్రధాన సాధనం వెలుతురు. అలవాటుగా మేలుకునే వేళకు రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి కనిష్ఠానికి చేరుతుంది. ఆ ఘడియకు ముందు పడే వెలుతురు గడియారాన్ని వెనక్కి నెడుతుంది, తర్వాత పడేది ముందుకు జరుపుతుంది. లండన్‌లో రాత్రి 11కు పడుకుని ఉదయం 7కు లేచే మనిషికి అది తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతం. చలికాలంలో తేడా ఐదున్నర గంటలు కాబట్టి, అతను హైదరాబాద్‌లో దిగిన రోజున ఆ ఘడియ ఉదయం 10 గంటలకు వస్తుంది. తెల్లవారుజామున 5కు దిగితే అతని ఒంటికి అది రాత్రి పదకొండున్నరే. ఇంట్లోవాళ్లు ఏడింటికే ఎండలో కూర్చోబెడతారు. సదుద్దేశమే గానీ ఫలితం ఎదురు తిరుగుతుంది. తెరలు వేసుకుని పదింటి దాకా పడుకుని, ఆ తర్వాత రెండు మూడు గంటలు ఆరుబయట గడపడం మేలు. మర్నాటి నుంచి ఈ వేళలను రోజుకో గంట ముందుకు జరపాలి. మూడో రాత్రికి నిద్ర తొందరగా పట్టాల్సింది పోయి ఇంకా పొద్దుపోతుంటే, వెలుతురు తప్పు వేళలో పడుతోందని అనుమానించాలి.

హైదరాబాద్ నుంచి లండన్‌కు లెక్క తిరగబడుతుంది: సాయంత్రం వెలుతురులో మెలకువగా ఉండాలి, వేకువనే మెలకువ వచ్చినా దీపం వేయకూడదు.

నీళ్ల పాత్రను ప్రయాణ సలహాలు కొంత పెంచి చెబుతాయి. విమానంలో గాలి తేమ తరచు 20 శాతం లోపే ఉంటుంది కనుక గొంతు ఎండుతుంది, తలనొప్పి రావచ్చు. దాహానికి తగినట్లు తాగితే ఇవి తగ్గుతాయి, గడియారం మాత్రం కదలదు. మద్యం నిద్రను చెడగొడుతుంది. తూర్పు ప్రయాణాల్లో మెలటోనిన్ కొందరికి ఉపకరిస్తుంది. మూర్ఛ ఉన్నవారు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారు వైద్యుణ్ని అడగాలి.

అమెరికా ప్రధాన భూభాగం నుంచి తెలుగు రాష్ట్రాలకు తేడా తొమ్మిదిన్నర నుంచి పదమూడున్నర గంటలు. ఇంత దూరమైతే తూర్పుకు ఎగిరినా కొందరి గడియారం వెనక్కి జరిగే సర్దుకుంటుంది. రెండు మూడు రోజుల్లో తిరిగి వెళ్లేవారు అసలు సర్దుకోకుండా, వీలైనంత వరకు సొంత ఊరి నిద్రవేళలే పాటించవచ్చు.