గంటలు సమానమే.. మరి నైట్ డ్యూటీలు?

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ.. ఏ ఆసుపత్రిలోనైనా వార్డు నర్సులకు డ్యూటీలు వేసేది మీరైతే, మొత్తం గంటలు చూస్తే సరిపోదు. పగటి షిఫ్టు 6 గంటలు, రాత్రి షిఫ్టు 12 గంటలు అనుకుందాం. నాలుగు వారాల్లో ఒకరు 8 రాత్రులు, 12 పగళ్లు చేశారు. మరొకరు 2 రాత్రులు, 24 పగళ్లు చేశారు. ఇద్దరివీ 168 గంటలే!

అందుకే రిజిస్టర్‌లో ప్రతి నర్సు పేరు ఎదుట మూడు గడులు పెట్టండి: రాత్రులు, శని-ఆదివారాలు, మొత్తం గంటలు. శనివారం నైట్ డ్యూటీని మొదటి రెండు గడుల్లోనూ లెక్కించండి. వేసిన డ్యూటీ కాదు, చేసిన డ్యూటీ రాయండి. ఒకరికొకరు మార్చుకున్నవి రోస్టర్‌లో కనిపించవు.

వార్డులో ఆరుగురు ఉండి, రాత్రికి ఒక్కరే చేస్తే 28 రాత్రులకు తలా 4 లేదా 5 రావాలి. 8 చేసినవారికి తర్వాతి రోస్టర్‌లో తగ్గించండి. నెల మారిందని లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టొద్దు.