గండికోట గుడారంలో అరగంట మౌనం: ఒక చరిత్ర పేజీని రేడియో నాటకంగా రాస్తే?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క సీన్ తీసుకుందాం. చోటు మన జమ్మలమడుగు పక్కనున్న గండికోట. సంవత్సరం 1652. గోల్కొండ సుల్తాను తరఫున మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుంచి కోటను గెలుచుకున్న రోజులవి. అప్పుడే టావెర్నియే అనే ఫ్రెంచ్ రత్నాల వ్యాపారి ఆయన్ని కలవడానికి ఇక్కడికి వచ్చాడు. చూసిందంతా తర్వాత తన యాత్రల పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకం 1676లో ఫ్రాన్స్‌లో అచ్చయింది.

అందులో ఒక పేజీ ఉంది. మీర్ జుమ్లా గుడారంలో నేల మీద కూర్చుని ఉన్నాడు. కాలి వేళ్ళ సందుల్లో కాగితాలు, ఎడమచేతి వేళ్ళ మధ్య ఇంకొన్ని కాగితాలు. ఒక్కొక్కటీ తీస్తూ జవాబు చెబుతుంటే లేఖకులు రాస్తున్నారు. రాసింది చదివించుకుని తనే ముద్ర వేస్తున్నాడు. ఇంతలో నలుగురు నేరస్తుల్ని గుమ్మం దగ్గరికి తెచ్చామని కబురొచ్చింది. ఆయన అరగంట పాటు ఏ జవాబూ ఇవ్వలేదు, ఉత్తరాల పని చేసుకుంటూనే ఉన్నాడు. తర్వాత లోపలికి పిలిపించి, వాళ్ళ నోటితోనే నేరం ఒప్పించి, మళ్ళీ చాలాసేపు మాట్లాడకుండా రాయించాడు. చివరికి చాలా క్రూరమైన శిక్షలు చెప్పాడు. ఇదంతా జరుగుతుండగానే భోజనం వడ్డించారు.

సినిమా వాళ్ళకైతే ఇది పండగ. కెమెరా కాలి వేళ్ళ మీద పెడితే చాలు. కానీ మన చేతిలో ఉన్నది శబ్దం ఒక్కటే అనుకోండి. ఎలా రాస్తారు?

ఈ సమస్య కొత్తదేం కాదు. 1924 జనవరి 15న బీబీసీ ప్రసారం చేసిన 'డేంజర్' నాటకంలో రచయిత రిచర్డ్ హ్యూస్ కథను బొగ్గు గనిలో పెట్టి, మొదట్లోనే దీపాలు ఆర్పేశాడు. అంతే, పాత్రలకూ ఏమీ కనపడదు, శ్రోతకూ కనపడదు. ఇద్దరూ సమానం అయిపోయారు. తెలుగులో 1938లో మద్రాసు కేంద్రం మొదలైన ఏడాదే ముద్దుకృష్ణ 'అనార్కలి' నాటకం ప్రసారమైంది. 1963లో మనకు కడప ఆకాశవాణి వచ్చింది. అయితే హ్యూస్ చేసిన ట్రిక్ మనకు పనికిరాదు. గండికోట గుడారంలో పగటి వెలుతురు ఉంది, అందరికీ అన్నీ కనిపిస్తున్నాయి. కనపడనిది శ్రోతకి మాత్రమే.

ముందు చోటు సంగతి చూద్దాం. కొత్తగా రాసేవాళ్ళు ఇక్కడ పది శబ్దాలు పెట్టేస్తారు. గుర్రాలు, ఏనుగులు, పెన్నా నది, జనం, కత్తులు. శ్రోతకి అది సైన్యపు శిబిరంలా ఉండదు, ప్రొద్దుటూరు బస్టాండులా ఉంటుంది. ఒక చోటుకి ఒకటి రెండు శబ్దాలు చాలు. గుడారానికి నేను ఎంచుకునేది గాలికి టపటపా కొట్టుకునే గుడ్డ. దూరంగా ఒక్క గుర్రం సకిలింపు. తర్వాత తెర తీసిన చప్పుడు రాగానే గాలి హోరు తగ్గాలి. ఆ తగ్గడమే 'లోపలికి వచ్చాం' అని చెబుతుంది, ఎవరూ మాటల్లో చెప్పక్కర్లేదు.

ఇంకోటి, శబ్దం తనంతట తాను ఫలానా అని చెప్పుకోలేదు. నూనెలో బజ్జీలు వేగే చప్పుడూ వాన చప్పుడూ కళ్ళు మూసుకుని వింటే దాదాపు ఒకటే. అందుకే శబ్దానికి కాస్త ముందో వెంటనే తర్వాతో దాన్ని గుర్తుపట్టించే మాట ఒకటి ఉండాలి. కానీ ఆ మాట పాత్రకి అవసరమై రావాలి, శ్రోత కోసం రాకూడదు.

ఇక్కడికి కాలి వేళ్ళ కాగితాలు వస్తాయి. చెడ్డ స్క్రిప్టులో ఒక భటుడు ఇంకో భటుడితో ఇలా అంటాడు: 'అదుగో చూడు, నవాబు గారు కాలి వేళ్ళ మధ్య కాగితాలు పెట్టుకుని కూర్చున్నారు!' ఇద్దరికీ కనిపిస్తున్నదాన్ని ఒకడు ఇంకొకడికి ఎందుకు చెప్తాడు? వినగానే దొంగమాట అని తెలిసిపోతుంది. టెస్ట్ చాలా సింపుల్. ఆ డైలాగుని కళ్ళున్న మనిషి, కళ్ళున్న మనిషితో అంటాడా? అనడు అంటే కొట్టేయాలి. మరి ఎలా చెప్పాలి? ఎవరో ఒకరికి ఆ కాగితం కావాల్సి రావాలి. వెతకాలి, దొరక్కూడదు.

నేను రాసుకున్న ముక్క ఇది.

శబ్దం: గుడారం గుడ్డ గాలికి కొట్టుకోవడం. దూరంగా గుర్రం. తెర తీసిన చప్పుడు, గాలి తగ్గుతుంది.
లేఖకుడు (దగ్గరగా): హుజూర్, మచిలీపట్నం జాబు ఇక్కడ కనపడటం లేదు.
నవాబు: ఎలా కనపడుతుంది? నా కాలి వేళ్ళ సందులో ఉంది. ఇదిగో, తీసుకో.
శబ్దం: కాగితం విప్పిన చప్పుడు.
శబ్దం: దూరంగా, గుమ్మం దగ్గర, గొలుసుల చప్పుడు. ఆగుతుంది.
ముసలి భటుడు (దూరం నుంచి): హుజూర్, ఆ నలుగుర్నీ తెచ్చినాం. బయట ఉండారు.
(మూడు సెకన్ల విరామం. గుడ్డ చప్పుడు మాత్రమే.)
నవాబు (లేఖకుడితో, అదే గొంతుతో): రాసుకో.
శబ్దం: ముద్ర వేసిన చప్పుడు. ఒకటి.
కుర్ర భటుడు (గుసగుసగా, మైకుకి బాగా దగ్గరగా): మామా, ఇన్లేదా ఏంది ఆయన?
ముసలి భటుడు (గుసగుసగా): ఇన్న్యాడు. నువ్వు గమ్మునుండు.
శబ్దం: ముద్ర. రెండు. దూరంగా గొలుసు ఒక్కసారి కదులుతుంది.

చూశారా, భటులిద్దరూ మన పులివెందుల, జమ్మలమడుగు మాట మాట్లాడుతున్నారు, నవాబు పుస్తకభాష. రేడియోలో ఇది యాస మీద ప్రేమ కోసం మాత్రమే కాదు. మొహాలు కనపడవు కాబట్టి రెండు గొంతులు ఒకేలా ఉంటే ఎవరు ఎవరో శ్రోతకి తెలీదు. భాషలో తేడా ఉంటే ప్రతిసారీ పేరుపెట్టి పిలవాల్సిన పని తప్పుతుంది.

ఇప్పుడు అసలు కష్టం, ఆ అరగంట మౌనం. రేడియోలో నిజమైన నిశ్శబ్దం పెడితే శ్రోతకి అది మౌనంలా వినపడదు. సిగ్నల్ పోయిందనుకుంటాడు. పాతకాలంలో అయితే రేడియో నెత్తిన ఒకటి కొట్టేవాళ్ళు, ఇప్పుడైతే ఇయర్‌ఫోన్ పీకి చూస్తారు. అందుకే మౌనం కింద ఏదో ఒక చిన్న శబ్దం నడుస్తూనే ఉండాలి. మన సీన్లో అది గుడ్డ చప్పుడు. మరి కాలం గడిచినట్టు ఎలా? ముద్రతో. ఒక ముద్ర అంటే ఒక ఉత్తరం పూర్తయినట్టు. మూడు ముద్రల మధ్య చిన్న చిన్న ఉత్తరం ముక్కలు పెడితే నలభై సెకన్లలో అరగంట గడిచిపోతుంది. గడియారం కొట్టక్కర్లేదు, 'చాలాసేపైంది' అని ఎవరూ అనక్కర్లేదు.

దీనికంటే పెద్ద చిక్కు ఒకటుంది. రేడియోలో శబ్దం చేయని మనిషి లేనట్టే. స్టేజీ మీద ఖైదీలు మూల నిలబడితే మనకి కనిపిస్తూనే ఉంటారు. ఇక్కడ నిమిషం పాటు చప్పుడు చేయకపోతే శ్రోత వాళ్ళని మర్చిపోతాడు. అప్పుడు నవాబు పలకకపోవడంలో భయమే ఉండదు, ఎవరో ఆఫీసరు ఉత్తరాలు రాయించుకుంటున్నట్టు ఉంటుంది. అందుకే ఆ గొలుసు. ప్రతి ముద్రకీ తర్వాత గొలుసు కాస్త కదలాలి. ముద్ర, గొలుసు. ముద్ర, గొలుసు. కాసేపటికి శ్రోత చెవి ఆ రెండింటినీ తనే కలుపుకుంటుంది.

శిక్ష దగ్గరికొస్తే, టావెర్నియే రాసిన వివరాలు చదివితే కడుపులో తిప్పుతుంది. కాళ్ళూ చేతులూ నరికించడం కూడా ఉంది అందులో. దాన్ని అరుపులతో వినిపించడం ఈజీ, కానీ అది మామూలు హారర్ వీడియో అయిపోతుంది. నేనైతే నవాబు గొంతు అస్సలు మార్చను. ఉత్తరం రాయించిన గొంతుతోనే తీర్పు. గొలుసులు బయటికి దూరమవుతాయి, తెర పడిన చప్పుడు, గుడ్డ చప్పుడు. తర్వాత గిన్నెలు, చేతులు కడుక్కునే నీళ్ళు. ఇక గొలుసు మళ్ళీ వినపడదు. దూరంగా గుర్రం ఒక్కసారి సకిలిస్తుంది. ఏం జరిగిందో శ్రోతకి అర్థమైపోతుంది, మనం ఒక్క మాట కూడా చెప్పకుండానే.

ఇంజనీరుగా ఒక మాట చెప్పాలి. ఏ పరికరంలో వింటారో తెలీకుండా శబ్దం రాయొద్దు. కడప కేంద్రం మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్, కాబట్టి సుమారు 4.5 కిలోహెర్ట్జ్ పైనున్న సన్నటి శబ్దాలు సరిగా రావు. కలం కాగితం మీద గీసుకునే చప్పుడు అందులో చాలావరకు పోతుంది. ఫోన్ స్పీకర్లో దీనికి రివర్స్. కలం బాగానే వినపడుతుంది, కానీ ఫిరంగి దెబ్బలాంటి బరువైన శబ్దం పల్చబడిపోతుంది. అందుకే నేను కలాన్ని నమ్ముకోలేదు, ముద్రని పట్టుకున్నాను. దాన్ని కూడా మెత్తటి నేల మీద కాదు, చెక్క పలక మీద కొట్టి రికార్డ్ చేయాలి. అప్పుడు అడుగునున్న దెబ్బతో పాటు పైన 'టక్' అనే అంచు కూడా వస్తుంది, రెండింట్లోనూ బతుకుతుంది.

ఇక చివరిది, చరిత్ర విషయం. గుడారం, కాగితాలు, లేఖకులు, ముద్ర, అరగంట మౌనం, నలుగురు, భోజనం, ఇవి టావెర్నియే రాసినవి. భటులిద్దరూ, మచిలీపట్నం జాబూ, గొలుసులూ నేను పుట్టించినవి. ఈ తేడా నాటకం మొదట్లో అనౌన్సరుతో ఒక్క వాక్యంలో చెప్పించాలి. ఎందుకంటే శబ్దం చాలా బలంగా నమ్మిస్తుంది. పుస్తకంలో చదివినదాన్ని మనం అనుమానిస్తాం, చెవిలో విన్న గొలుసుని మాత్రం జరిగిందనే నమ్మేస్తాం. పైగా టావెర్నియే నవాబుకి అతిథి, నగలు అమ్ముకోవడానికి వచ్చినవాడు. ఆ నలుగురి పేర్లు కూడా ఆయన పేజీలో లేవు. ఇద్దరి నేరాలు చెప్పాడు, గొంతులు చెప్పలేదు. అందుకే నా స్క్రిప్టులో వాళ్ళకి డైలాగులు పెట్టలేదు. నేరం ఒప్పుకునే చోట కూడా నవాబు ప్రశ్న వినిపిస్తుంది, జవాబుకి బదులు గొలుసు కదులుతుంది. మనకి తెలియని గొంతుకి అంతకంటే ఎక్కువ ఇస్తే అది కల్పన.

ఈసారి గండికోట వెళ్తే ఫోటోలు తీసుకున్నాక ఫోన్ జేబులో పెట్టి, లోయ అంచున ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి. వినపడిన వాటిల్లో ఒక్క శబ్దంతోనే 'ఇది గండికోట' అని చెప్పాలంటే ఏది ఉంచుతారు? అక్కడి నుంచే స్క్రిప్ట్ మొదలుపెట్టండి.