బాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు: నాలుగు దృక్కోణాల చరిత్ర, ఒక బస్సు డిపో ఉదాహరణ

తిరువూరు ఆర్టీసీ డిపోలోనే కాదు, ఏ డిపోలో పనిచేసేవారిని అడిగినా మూడు కొలతలు నోటికి చెబుతారు. ఈపీకే అంటే బస్సు తిరిగిన ఒక్కో కిలోమీటరుకు వచ్చిన ఆదాయం. ఓఆర్ అంటే ఉన్న సీట్లలో ఎంత శాతం నిండాయన్నది. కేఎంపీఎల్ అంటే లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్నది. ఈ మూడింటి మీద రోజూ సమీక్ష జరుగుతుంది. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది: ఈపీకే తగ్గిందని తెలిసిన మేనేజరు రేపు పొద్దున ఏం చేయాలి? జరిగిపోయినదాన్ని ఆ అంకె చెబుతుంది, కారణాన్ని మాత్రం చెప్పదు. బాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు ఈ లోటు నుంచే పుట్టింది. అది పుట్టింది బస్సు డిపోలో కాదు, అమెరికాలోని ఒక ఎలక్ట్రానిక్ చిప్‌ల కంపెనీలో.

1987లో మసాచుసెట్స్‌లోని అనలాగ్ డివైసెస్ కంపెనీలో ఆర్ట్ ష్నైడర్మన్ అనే అధికారి నాణ్యత మెరుగుదల బాధ్యత చూసేవాడు. ఆయన ఆర్థిక అంకెలను, వాటి పక్కనే సకాలంలో సరఫరా, లోపాల రేటు, తయారీకి పట్టే సమయం వంటి అంకెలను ఒకే పత్రంలో చేర్చాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు రాబర్ట్ కాప్లాన్ ఈ పత్రాన్ని చూశాడు. 1990లో ఆయన, సలహాదారు డేవిడ్ నార్టన్ కలిసి సుమారు పన్నెండు కంపెనీలతో ఏడాదిపాటు అధ్యయనం చేశారు. దాని ఫలితం 1992 జనవరి-ఫిబ్రవరి హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వ్యాసంగా వచ్చింది. మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే నాలుగు దృక్కోణాలు అక్కడే స్థిరపడ్డాయి: ఆర్థిక దృక్కోణం, వినియోగదారుల దృక్కోణం, అంతర్గత ప్రక్రియల దృక్కోణం, అభ్యసన-వృద్ధి దృక్కోణం. (చివరిదాన్ని తొలి వ్యాసంలో నవకల్పన-అభ్యసన అన్నారు.)

ఇక్కడ చాలామంది విద్యార్థులు ఒక పొరపాటు చేస్తారు. నాలుగు గళ్ళు గీసి, ఒక్కో గడిలో నాలుగైదు కొలమానాలు రాసి, స్కోర్‌కార్డు తయారైందనుకుంటారు. ఆ పద్ధతి చాలదని అనలాగ్ డివైసెస్ చరిత్రే చూపిస్తుంది. 1987 నుంచి 1990 వరకు ఆ కంపెనీలో లోపాల రేటు పది లక్షల వస్తువులకు 500 నుంచి 50కి పడిపోయింది. సకాలంలో సరఫరా 70 శాతం నుంచి 96 శాతానికి పెరిగింది. అదే కాలంలో కంపెనీ షేరు ధర 18 డాలర్ల పైనుంచి 6 డాలర్ల చిల్లరకు దిగింది. ఉద్యోగులను తొలగించాల్సి వచ్చింది. ప్రక్రియల గడిలోని అంకెలన్నీ బాగున్నా పై గడిలోని అంకె పడిపోయింది.

దీన్ని తర్వాత లోతుగా పరిశీలించినవారు కారణం ఇలా వివరించారు. తయారీ వేగంగా మెరుగుపడింది. కొత్త ఉత్పత్తుల రూపకల్పన మాత్రం అంత వేగంగా మెరుగుపడలేదు. అందువల్ల అదే యంత్రాలతో, అదే మనుషులతో ఎక్కువ సరుకు తయారుచేయగల సామర్థ్యం వచ్చింది గాని, దాన్ని కొనే గిరాకీ అంతగా పెరగలేదు. కింద సాధించిన మెరుగుదల పైన డబ్బుగా మారాలంటే మధ్యలో ఒక మెట్టు ఉండాలి. అక్కడ ఆ మెట్టు లేదు.

కాబట్టి నాలుగు దృక్కోణాలను నాలుగు శాఖలుగా కాకుండా ఒక కారణ-ఫల గొలుసుగా చదవాలి. మన ఉద్యోగులు ఇది నేర్చుకుంటే ఈ ప్రక్రియ మెరుగుపడుతుంది. అది మెరుగుపడితే ఈ వినియోగదారుడు సంతృప్తి చెందుతాడు. అతడు సంతృప్తి చెందితే ఇంత ఆదాయం వస్తుంది. వ్యూహమంటే నిజానికి ఈ ‘ఐతే’ల వరుసే. ఒక్కో ‘ఐతే’ రుజువు కావాల్సిన ఊహ. స్కోర్‌కార్డు ఆ ఊహలను కొలవగలిగే రూపంలో పెడుతుంది.

ఈ గొలుసును పూర్తిగా అమలుచేసిన సంస్థగా మొబిల్ చమురు కంపెనీ అమెరికా మార్కెటింగ్-రిఫైనింగ్ విభాగాన్ని ఉదాహరణగా చెబుతారు. 1990ల మొదట్లో లాభదాయకతలో ఆ విభాగం తోటి కంపెనీలలో చిట్టచివరన ఉండేది. కొత్త నాయకత్వం ముందు పెట్రోలు కొనేవారెవరన్నది పరిశీలించింది. ధర ఒక్కటే చూసి బంకు ఎంచుకునేవారు ఐదో వంతు మందే అని తేలింది. ఎక్కువ దూరాలు తిరిగేవారు, ఒకే బ్రాండుకు కట్టుబడినవారు, పెట్రోలుతోపాటు తినుబండారాలు కొనే యువత, ఈ మూడు వర్గాలూ కలిపి 59 శాతం. వీరికి కావాల్సింది ధర తగ్గింపు కాదు, త్వరగా, మర్యాదగా పని జరగడం. కంపెనీ ఆ మూడు వర్గాలనే ఎంచుకుంది. మిగతావారిని పోటీదారులకు వదిలేయాలని తీసుకున్న నిర్ణయం ఇది. వ్యూహంలో కష్టమైన భాగం అదే.

ఇక కొలత విషయానికి వస్తే, బంకులు నడిపేది మొబిల్ కాదు, స్వతంత్ర డీలర్లు. పెట్రోలు పోయించుకునేవాడు సంతోషించాడో లేదో కంపెనీకి తెలియదు. అందుకని ఒక మనిషి మామూలు కొనుగోలుదారుడిలా నెలనెలా బంకుకు వెళ్ళి, సేవకు మార్కులు వేసే పద్ధతి పెట్టారు. ఆ మార్కు వినియోగదారుల దృక్కోణంలో ఒక కొలమానమైంది. డీలరు కూడా వినియోగదారుడే కనుక అతని లాభం ఇంకో కొలమానమైంది. వీటికి కింద, ప్రక్రియలలో, శుద్ధి కర్మాగారాల ఖర్చు, సరఫరా నాణ్యత వచ్చాయి. అట్టడుగున, వ్యూహం ఏమిటో ఉద్యోగులకు తెలుసా, వారికి కావాల్సిన నైపుణ్యాలు ఉన్నాయా అన్న కొలతలు. 1995 నాటికి ఆ విభాగం లాభదాయకతలో మొదటి స్థానానికి చేరింది. అదంతా స్కోర్‌కార్డు వల్లే జరిగిందని అనడం అతిశయోక్తి. ఖర్చుల కోత, సంస్థను చిన్న వ్యాపార విభాగాలుగా విడగొట్టడం కూడా అదే కాలంలో జరిగాయి.

ఇప్పుడు తిరువూరుకు వద్దాం. అక్కడి డిపోలో స్కోర్‌కార్డు పెట్టారని చెప్పడం లేదు. లెక్క అర్థం కావడానికి ఊహించుకున్న అంకెలతో ఒక అభ్యాసం చేద్దాం. విజయవాడకు సుమారు 75 కిలోమీటర్లు. మైలవరం మీదుగా ఆ దారిలో చదువుకునేవారు, కూలీలు, వ్యాపారులు రోజూ తిరుగుతారు. ప్రస్తుతం ఈపీకే 40 రూపాయలు, ఓఆర్ 64 శాతం అనుకోండి. ఏడాదిలో ఈపీకే 45 కావాలి. ఛార్జీలు పెంచకపోతే ఈపీకే, ఓఆర్ ఒకే నిష్పత్తిలో నడుస్తాయి. 40ని 64తో భాగిస్తే 0.625. 45ని 0.625తో భాగిస్తే 72. అంటే ఓఆర్ 72 శాతానికి పెరగాలి. ఆర్థిక లక్ష్యం ఇలా వినియోగదారుల లక్ష్యంగా మారింది. ‘ప్రయాణికులను ఆకర్షించాలి’ అన్న మాటకూ ఈ అంకెకూ తేడా గమనించండి.

తరువాతి ప్రశ్న: మరో ఎనిమిది శాతం సీట్లు ఎలా నిండుతాయి? మన ఊహ: ప్రయాణికుడు షేర్ ఆటో ఎక్కేది బస్సు ఎప్పుడొస్తుందో నమ్మకం లేక. కాబట్టి ప్రక్రియలలో లక్ష్యం, సమయానికి బయలుదేరిన ట్రిప్పులు 70 శాతం నుంచి 90 శాతానికి చేరడం. ఎందుకు ఆలస్యమవుతున్నాయని చూస్తే, రాత్రి మరమ్మతు పూర్తికాక పొద్దున బస్సు గ్యారేజీలోనే ఉండిపోవడం ప్రధాన కారణమని తేలిందనుకుందాం. అప్పుడు అభ్యసనలో లక్ష్యం, రాత్రి షిఫ్టు మెకానిక్కులలో కొత్త ఇంజన్లపై శిక్షణ పొందినవారి శాతం. శిక్షణ మూడు నెలల్లో పూర్తి కావచ్చు. సమయపాలన ఆరో నెలకు, ఓఆర్ ఆ తర్వాత కదలాలి. కింది కొలమానం ముందు కదిలి పైదానిని సూచిస్తుంది కనుక దాన్ని పూర్వ సూచిక అని, పైదాన్ని ఫలిత సూచిక అని అంటారు.

తొమ్మిదో నెలలో చూస్తే సమయపాలన 90 శాతానికి చేరింది, ఓఆర్ 66 దగ్గరే ఉంది అనుకోండి. మీరు మేనేజరైతే ఏం అనుకుంటారు? సిబ్బంది సరిగా పనిచేయలేదని అనకూడదు. వారు తమ అంకె సాధించారు. తెగింది ‘సమయానికి వస్తే సీట్లు నిండుతాయి’ అన్న లంకె. దాన్ని పరీక్షించే మార్గం ఉంది. సమయపాలన బాగా పెరిగిన రూట్లనూ పెరగని రూట్లనూ విడిగా రాసుకుని, రెండింటిలో ఓఆర్ మార్పు పోల్చాలి. మెరుగైన రూట్లలో ఓఆర్ పెరిగి ఉంటే లంకె నిజమే, కాలం పట్టిందంతే. రెండింట్లోనూ ఒకేలా ఉంటే, ప్రయాణికుల అసలు ఇబ్బంది వేరే ఉంది. బహుశా బస్సు వారి వీధి చివర ఆగకపోవడం కావచ్చు. అనలాగ్ డివైసెస్‌లో జరిగినట్టు, తప్పు ఊహ మీద సరైన పని జరిగిందన్నమాట.

ఇంకో ప్రమాదం అంకెలోనే దాగి ఉంటుంది. రోజుకు 10,000 కిలోమీటర్లు తిరిగితే 40 చొప్పున 4,00,000 రూపాయలు వస్తాయి. అందులో కిలోమీటరుకు 20 రూపాయలే వచ్చే పల్లె ట్రిప్పులు 1,000 కిలోమీటర్లు రద్దుచేస్తే, 9,000 కిలోమీటర్లకు 3,80,000 మిగులుతుంది. ఈపీకే 42.2కి ఎగబాకింది, ఆదాయం 20,000 తగ్గింది. డీజిల్ ఆదా అయినమాట నిజమే గాని జీతాలు తగ్గవు, ఆ ఊళ్ళవారికి బస్సూ లేదు. అందుకే ఈపీకే పక్కన మొత్తం ఆదాయాన్ని, తిరిగిన కిలోమీటర్లను కూడా చూడాలి. నిష్పత్తి పెరిగి మొత్తం తగ్గితే ఎక్కడో కోత పడిందని గుర్తు.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద మహిళలు నిర్ణీత బస్సుల్లో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. ఇది మన లెక్కలోని తొలి లంకెనే మారుస్తుంది. సీట్లు నిండినా నగదు రాదు. సున్నా టికెట్టు విలువను ప్రభుత్వం తిరిగి చెల్లించే మొత్తంగా లెక్కలో కలిపితేనే ఓఆర్ నుంచి ఈపీకేకు దారి ఉంటుంది. అసలు ప్రభుత్వ సంస్థకు ఆర్థిక దృక్కోణమే శిఖరమా అన్న ప్రశ్న అమెరికాలోని షార్లట్ నగర పాలక సంస్థకు 1990లలోనే ఎదురైంది. వారు పౌరుల దృక్కోణాన్ని పైకి తెచ్చి, ఆర్థిక దృక్కోణాన్ని దానికి ఆధారంగా పెట్టుకున్నారు. 2020 జనవరి 1న ఏపీఎస్ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు కనుక, తిరువూరు డిపోకు స్కోర్‌కార్డు గీసే విద్యార్థి ముందు తేల్చుకోవాల్సింది పైగడిలో ఏం రాయాలన్నదే.