ఇన్సెంటివ్

ఈ మాట పుట్టిల్లు లాటిన్. అక్కడ ‘ఇన్సెంటివుమ్’ అంటే ముందుగా రాగం ఎత్తుకునేది. మూలధాతువుకు అర్థం పాడటమే. తర్వాత ఇంగ్లిషులో పనికి పురికొల్పేదంతా ఇన్సెంటివ్ అయింది. మందుల కంపెనీ రెప్పుల నోట మాత్రం అది జీతం పైన వచ్చే డబ్బే.

ఆ డబ్బు ఎంతో చెప్పే కాగితంలో అందరూ మొదట టార్గెట్ చూస్తారు. అసలు చూడాల్సింది ‘నికర అమ్మకం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం. ఒక లెక్క వేద్దాం. త్రైమాసిక టార్గెట్ 5 లక్షలు, పూర్తిచేస్తే 10,000 రూపాయలు. 90 శాతం దాటితే ఎంత శాతం అమ్మితే అంత శాతం, దాటకపోతే సున్నా. రెప్ 4.70 లక్షలు అమ్మాడు. అంటే 94 శాతం, చేతికి 9,400 రావాలి. ఇంతలో స్టాకిస్టు 30,000 రూపాయల ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి పంపాడు. నికరం 4.40 లక్షలకు, అంటే 88 శాతానికి పడింది. ఇన్సెంటివ్ మొత్తం పోయింది.

ఇలా వాపసులు తేలేదాకా ఆగాలనే చాలా కంపెనీలు చెల్లింపు నెలా రెండు నెలలు వెనక్కి జరుపుతాయి. ఈలోగా ఉద్యోగం మానేస్తే ఇవ్వం అన్న షరతు తరచూ చివరి పేజీలో, మినహాయింపుల కింద ఉంటుంది. ప్రభుత్వ టెండరు అమ్మకాలు లెక్కలోకి రావన్న మాట కూడా చాలాసార్లు అక్కడే.

సంతకం పెట్టేముందు వాపసులు ఏ తేదీ వరకు కోస్తారో రాతపూర్వకంగా అడగండి.