కూతురికి నెలసరి గురించి ముందే చెప్పడం ఎలా?

ఆడపిల్లల్లో ఎదుగుదల మార్పులు సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య మొదలవుతాయి. మొదట చనుమొన కింద చిన్న గడ్డలా తగులుతుంది, కాస్త నొప్పి ఉంటుంది. ముందు ఒకవైపే రావచ్చు, అది జబ్బు కాదు. ఆ తర్వాత సుమారు రెండు, రెండున్నర ఏళ్లకు నెలసరి వస్తుంది. అందుకే ఈ గుర్తు కనిపించగానే అమ్మీ మాట్లాడటం మంచిది.

సూటిగా ఇలా చెప్పొచ్చు: "బేటీ, పొత్తికడుపులో గర్భసంచి ఉంటుంది. అందులో నెలనెలా మెత్తని పొర తయారవుతుంది. గర్భం లేకపోతే ఆ పొర రక్తంతో కలిసి బయటికొస్తుంది. ఇది దెబ్బ తగిలి వచ్చే రక్తం కాదు. మొదట గోధుమ రంగు మరకలా కనిపించొచ్చు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ప్యాడ్ మార్చుకోవాలి." దీన్ని "చెడు రక్తం" అనకూడదు.

ఆ రోజుల్లో నమాజ్ మాఫీ అనీ, రంజాన్ రోజాలు తర్వాత ఖజా పెట్టుకోవాలనీ, రక్తం ఆగాక గుసుల్ చేయాలనీ అప్పుడే చెప్పాలి.

మొదటి ఒకట్రెండేళ్లు తేదీలు తప్పడం మామూలే. గంట, రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా, 15 ఏళ్లకీ నెలసరి రాకపోయినా డాక్టర్‌కి చూపించాలి.